రివర్స్ మార్ట్‌గేజ్: పెద్దవాళ్ళకు నెలనెలా డబ్బు, వారసులకు ఒకేసారి లెక్క

సొంత ఇల్లు కోటి రూపాయలు చేస్తుంది, నెల తిరిగేసరికి మందులకు మాత్రం పిల్లల వైపు చూడాలి. పెన్షన్ లేని ఉద్యోగాలు చేసి రిటైరైన చాలామంది పరిస్థితి ఇదే. ఇల్లు అమ్మితే ఉండటానికి చోటుండదు, అమ్మకపోతే చేతిలో డబ్బుండదు. ఈ చిక్కు కోసమే 2007-08 కేంద్ర బడ్జెట్‌లో రివర్స్ మార్ట్‌గేజ్ పథకాన్ని ప్రకటించారు. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 2007 మేలో మార్గదర్శకాలు ఇచ్చింది. బ్యాంకులు, హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలు వాటి ఆధారంగా తమ పథకాలు తయారు చేసుకున్నాయి. అందుకే వడ్డీ రేటు, గడువు, ఫీజుల్లో తేడాలుంటాయి. మూల సూత్రం మాత్రం అందరిదీ ఒకటే.

ఇల్లు బ్యాంకులో తనఖా పెడతారు, అందులోనే ఉంటారు. బ్యాంకు నెలనెలా డబ్బిస్తుంది. బతికున్నంతకాలం అసలు గానీ వడ్డీ గానీ కట్టక్కర్లేదు. దంపతుల్లో చివరివారు పోయాక ఇల్లు అమ్మో, వారసులు సొంత డబ్బు కట్టో అప్పు తీరుస్తారు. అప్పు పోగా మిగిలింది వారసులది.

బ్యాంకు బ్రోషర్‌లోనూ దాదాపు ఇంతే ఉంటుంది. అయితే నెలకు వచ్చేది ఎంత, అప్పు ఏ వేగంతో పెరుగుతుంది, చివరి వ్యక్తి పోయిన మర్నాటి నుంచి పిల్లలు ఏం చేయాలి అన్నవి తెలియకుండా సంతకం పెట్టిన కుటుంబాలే తర్వాత టెన్షన్ పడతాయి. కాబట్టి ఒక లెక్కను మొదటి నుంచి చివరిదాకా చూద్దాం.

అరవై లక్షలు మంజూరైతే చేతికి ఎంత వస్తుంది?

భర్తకు 68 ఏళ్ళు, భార్యకు 64. ఇల్లు ఆయన స్వార్జితం, ఇద్దరూ అందులోనే ఉంటున్నారు, వేరే అప్పేమీ లేదు. బ్యాంకు ఇంటి విలువను కోటి రూపాయలుగా కట్టి, అందులో 60 శాతం అప్పుగా ఇస్తానంది. వడ్డీ 10 శాతం, గడువు 15 ఏళ్ళు. ఈ అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి. మీ బ్యాంకు రేటు వేరుగా ఉంటుంది, పద్ధతి ఇదే.

అరవై లక్షలను 180 నెలలకు పంచితే నెలకు 33 వేలు వస్తాయని చాలామంది అనుకుంటారు. రావు. వచ్చేది సుమారు 14,476 రూపాయలు. ఎందుకంటే ఆ అరవై లక్షలు బ్యాంకు మీకిచ్చే డబ్బు కాదు. పదిహేనో ఏడాది చివరికి అసలు, వడ్డీ కలిసి చేరుకోవలసిన మొత్తం. ఈ నెల ఇచ్చిన 14,476 మీద పదిహేనేళ్ళు వడ్డీ పడుతుంది, వచ్చే నెల ఇచ్చినదాని మీద ఒక నెల తక్కువ. వడ్డీ మీద కూడా వడ్డీ పడుతుంది. ఇవన్నీ కలిసి సరిగ్గా అరవై లక్షల దగ్గర ఆగేలా బ్యాంకు నెలసరి మొత్తాన్ని లెక్కగడుతుంది. పదిహేనేళ్ళలో దంపతుల చేతికి వచ్చేది సుమారు 26 లక్షలు, మిగతా 34 లక్షలు వడ్డీ.

ఇక్కడ చాలామందికి మనసు చివుక్కుమంటుంది. అయినా ఇందులో మోసమేమీ లేదు. నెలవారీ వడ్డీ కట్టకుండా వదిలేస్తే చక్రవడ్డీ చేసే పని ఇదే. సంతకానికి ముందు తేల్చుకోవలసింది ఒక్కటే, నెలకు 14 వేల కోసం ఇంత వడ్డీ ఇంటి మీదికి ఎక్కించుకోవడం మీకు అవసరమా కాదా అన్నది. పిల్లలు నెలకు పదిహేను వేలు పంపగలిగే ఇంట్లో ఇది ఖరీదైన దారి. పంపేవాళ్ళు లేని ఇంట్లో, అడగడం ఇష్టం లేని తల్లిదండ్రులకు ఇదే గౌరవంగా బతికే దారి కావచ్చు.

గడువు ఎక్కువ పెట్టుకుంటే మంచిదనే అభిప్రాయం కూడా ఉంది. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 20 ఏళ్ళ దాకా అనుమతిస్తోంది. అదే ఇంటికి, అదే వడ్డీకి గడువు 20 ఏళ్ళు చేస్తే నెలకు వచ్చేది 7,900 దాకా పడిపోతుంది. ఇరవై ఏళ్ళలో చేతికొచ్చేది మొత్తం 19 లక్షలు. అంటే గడువు పెరిగేకొద్దీ నెలసరి డబ్బే కాదు, మొత్తం డబ్బు కూడా తగ్గుతుంది, వడ్డీ వాటా పెరుగుతుంది. అరవై ఏళ్ళకే దీనిలో దిగడం కన్నా డెబ్బై దాటాక తక్కువ గడువుతో తీసుకోవడం చాలా ఇళ్ళకు మేలని నా అభిప్రాయం.

డబ్బు నెలనెలా కాకుండా మూడు నెలలకోసారి, ఏడాదికోసారి తీసుకోవచ్చు. అవసరమైనప్పుడల్లా వాడుకునే క్రెడిట్ లైన్ పద్ధతి కూడా ఉంది, అందులో వాడుకున్నదానికే వడ్డీ. వైద్యం కోసం కొంత ఒకేసారి తీసుకునే వీలూ ఉంది. మార్గదర్శకాల ప్రకారం నెలసరి చెల్లింపు 50,000 రూపాయలు, ఒకేసారి ఇచ్చేది 15 లక్షలు మించకూడదు. అయితే ఒకేసారి తీసుకునే డబ్బు మొదటి రోజు నుంచే వడ్డీ పోగు చేసుకుంటుంది కాబట్టి నెలసరి డబ్బును గట్టిగా దెబ్బ కొడుతుంది. మన దంపతులు మొదట్లోనే ఆపరేషన్ కోసం 5 లక్షలు తీసుకున్నారనుకోండి. అది పదిహేనేళ్ళకు 22 లక్షలు దాటుతుంది. అరవైలో అంత పోగా మిగిలిన వాటాకే నెలసరి డబ్బు లెక్కగడతారు, అది సుమారు 9,100 రూపాయలకు తగ్గుతుంది. పదమూడున్నర లక్షలు ఒకేసారి తీసుకుంటే అరవై లక్షల పరిమితి మొత్తం దానికే సరిపోతుంది, నెలకు ఇక పైసా రాదు.

ఇన్సూరెన్స్ సంస్థ ద్వారా జీవితాంతం యాన్యుటీ ఇచ్చే రకం కూడా ఉంది. అందులో బ్యాంకు పెద్ద మొత్తాన్ని ముందే ఇన్సూరెన్స్ సంస్థకు కట్టేస్తుంది, ఆ సంస్థ దంపతులు బతికున్నంతకాలం డబ్బిస్తుంది. ఎక్కువకాలం బతికేవాళ్ళకు అది నిశ్చింత. కానీ అప్పు మొదటి రోజే పెద్ద అంకెతో మొదలవుతుంది కాబట్టి దంపతులు తొందరగా పోతే వారసులకు మిగిలేది తగ్గిపోతుంది.

పన్ను మాట ఒక్క వాక్యంలో చెప్పుకోవచ్చు. నోటిఫై అయిన రివర్స్ మార్ట్‌గేజ్ పథకం కింద వచ్చే డబ్బు అప్పే గానీ ఆదాయం కాదు, దాని మీద ఆదాయపు పన్ను లేదు.

అప్పు పెరిగే తీరు

మన లెక్కలో ఐదో ఏడాది చివరికి దంపతులు తీసుకున్నది 8 లక్షల 69 వేలు, అప్పు 11 లక్షల 21 వేలు. తేడా పెద్దగా కనపడదు. పదో ఏడాదికి తీసుకున్నది 17 లక్షల 37 వేలు, అప్పు దాదాపు 29 లక్షల 65 వేలు. పదిహేనో ఏడాదికి 60 లక్షలు. అంటే మొదటి పదేళ్ళలో పెరిగినంత అప్పు చివరి ఐదేళ్ళలోనే పెరిగింది. హోమ్ లోన్‌లో చివరికొచ్చేసరికి అప్పు వేగంగా కరుగుతుంది. ఇక్కడ చివరికొచ్చేసరికే ఉబ్బుతుంది. మధ్యలో ఎప్పుడైనా చేతిలో డబ్బుంటే కొంత కట్టేయొచ్చు. ముందే కట్టినందుకు జరిమానా ఉండకూడదని మార్గదర్శకాల్లో ఉంది. పిల్లలు సాయం చేయదలిస్తే చివర్లో కట్టే పెద్ద మొత్తం కన్నా మధ్యలో కట్టే చిన్న మొత్తమే ఎక్కువ వడ్డీ తగ్గిస్తుంది.

గడువు అయిపోతే బ్యాంకు ఇల్లు ఖాళీ చేయమంటుందా అన్నది అందరికీ ఉండే భయం. అనదు. పదిహేనేళ్ళు పూర్తయ్యాక నెలసరి డబ్బు ఆగిపోతుంది, అంతే. దంపతుల్లో ఒక్కరు బతికున్నా ఆ ఇంట్లోనే ఉండొచ్చు. అయితే వడ్డీ మాత్రం ఆగదు. డబ్బు రావడం ఆగి, అప్పు పెరగడం ఆగని ఈ కాలమే వారసులకు అన్నిటికన్నా ఖరీదైనది.

మన కథలో భర్త తొమ్మిదో ఏట పోయారు. భార్య సహ రుణగ్రహీత కాబట్టి ఏదీ మారలేదు, నెలసరి డబ్బు ఆమెకు వస్తూనే ఉంది. పదిహేనేళ్ళకు అది ఆగింది. ఆమె ఇంకో రెండేళ్ళు ఆ ఇంట్లోనే ఉండి 81వ ఏట కన్నుమూశారు. అరవై లక్షల మీద ఆ రెండేళ్ళ వడ్డీ కలిసి అప్పు 73 లక్షల 22 వేలకు చేరింది. దశదినకర్మ ముగిసి ముగ్గురు పిల్లలు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు వాళ్ళ ముందున్న అంకె ఇది.

ఇల్లు పోగొట్టేవి వేరే ఉన్నాయి

వారసుల సంగతికి వెళ్ళేముందు, సంతకం నాడు జరిగే పొరపాట్లు కొన్ని చూడాలి. తర్వాత వారసులు ఎంత తిప్పలు పడినా సరిదిద్దలేనివి ఇవే.

మొదటిది భార్యను సహ రుణగ్రహీతగా చేర్చకపోవడం. నిబంధన ప్రకారం దంపతుల్లో ఒకరికి 60 దాటాలి, రెండోవారికి 55కి తగ్గకూడదు. భర్తకు 65, భార్యకు 53 అయిన ఇంట్లో ఆయన ఒక్కడే సంతకం పెడితే, ఆయన పోయిన రోజే అప్పు తీర్చాల్సిన గడువు మొదలవుతుంది. ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో ఉన్న ఆవిడకు అందులో ఉండే హక్కు బ్యాంకు దయమీద ఆధారపడుతుంది. ఆమెకు 55 నిండేదాకా ఆగడం తప్ప దీనికి మంచి మందు లేదు.

రెండోది ఇల్లు వదిలి వెళ్ళడం. దంపతులిద్దరూ వరుసగా ఏడాదిపాటు ఇంట్లో లేకపోతే శాశ్వతంగా వెళ్ళిపోయినట్టు లెక్క, అప్పు తీర్చమని అడిగే హక్కు బ్యాంకుకు వస్తుంది. మోకాలి ఆపరేషన్ అయిందని కూతురి దగ్గరికి వెళ్ళి, అక్కడే బాగుందని ఉండిపోవడం మనకు మామూలే. విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గర ఆరునెలలు, ఆరునెలలు అంటూ ఏడాది గడిపేవాళ్ళూ ఉన్నారు. వెళ్ళేముందు బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పాలి, మధ్యలో వచ్చి ఉండాలి.

మూడోది చిన్నదిగా కనిపిస్తుంది. పై పోర్షన్ అద్దెకిద్దామనుకోవడం, ఇంటి మీద ఇంకో అప్పు తీసుకోవడం, కొడుకు పేరు పత్రాల్లో చేర్చడం, ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ కట్టకపోవడం, రిపేర్లు చేయించకపోవడం. వీటిలో ఏది చేసినా బ్యాంకు అప్పు గడువును ముందే ముగించి వసూలుకు దిగే వీలుంది. ముందు ఒప్పందం చదవండి, తర్వాత అద్దె సంగతి చూడండి. సంతకం పెట్టాక కూడా మనసు మార్చుకోవడానికి మూడు రోజుల వ్యవధి ఇవ్వాలని మార్గదర్శకాల్లో ఉంది. పిల్లలకు ఒప్పందం కాపీ చదివించడానికి ఆ మూడు రోజులూ పనికొస్తాయి.

ఇంకో విషయం పిల్లలకు ముందే తెలియాలి. రుణగ్రహీతతో రిజిస్టర్డ్ వీలునామా రాయించుకునే పద్ధతి ఉంది. ఇంటి మీద బ్యాంకుకు బాకీ ఉందని, అది పోగా మిగిలింది ఫలానావారికి చెందుతుందని అందులో ఉంటుంది. అప్పు తీరేదాకా దానికి విరుద్ధంగా మరో వీలునామా రాయనని హామీ కూడా ఇస్తారు. ఆ తర్వాత తండ్రి కోపంలోనో ప్రేమలోనో తెల్లకాగితం మీద రాసిన వీలునామా బయటపడితే, వారసుల మధ్య గొడవకే గానీ బ్యాంకు దగ్గర పనికిరాదు.

చివరి వ్యక్తి పోయాక

అప్పు తీర్చడానికి ఎంత సమయమిస్తారు? నేషనల్ హౌసింగ్ బ్యాంక్ మార్గదర్శకాలు ఇల్లు అమ్మడానికి రెండు నెలల దాకా ఇవ్వవచ్చని సూచించాయి. అసలు గడువు మీ ఒప్పందంలో ఉంటుంది, అది ఎక్కువా ఉండొచ్చు. ఇల్లు అమ్మకుండా డబ్బు కట్టి విడిపించుకునే మొదటి అవకాశం మాత్రం వారసులదే. ఇది బ్యాంకు చేసే ఉపకారం కాదు, పథకంలోనే ఉన్న హక్కు.

పిల్లలు చేసే పెద్ద తప్పు నిశ్శబ్దంగా ఉండటం. అమ్మ పోయిన సంగతి బ్యాంకుకు తెలియకపోతే కొన్నాళ్ళు వాయిదా పడుతుందనుకుంటారు. మన లెక్కలో 73 లక్షల 22 వేల మీద నెలకు పడే వడ్డీ 61 వేలు. అంటే రోజుకు రెండు వేలు. ఆరునెలలు దాచితే 3 లక్షల 74 వేలు వారసుల వాటాలోంచే పోతుంది. నెలసరి డబ్బు ఇంకా వచ్చే దశలో పోతే అది మరీ ప్రమాదం. మరణించినవారి ఖాతాలో పడే డబ్బును తెలిసి వాడుకోవడం తర్వాత సమాధానం చెప్పుకోలేని చిక్కు.

కాబట్టి మరణ ధ్రువీకరణ పత్రం చేతికి రాగానే దాని కాపీతో బ్యాంకుకు ఉత్తరం ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. అదే ఉత్తరంలో రెండు విషయాలు అడగాలి. ఫలానా తేదీ నాటికి మొత్తం బాకీ ఎంత, ఆ తర్వాత రోజుకు ఎంత వడ్డీ. రెండో అంకె చాలామంది అడగరు. నిర్ణయం తీసుకోవడానికి అదే ముఖ్యం. దానితో పాటు మొదటి నుంచి ఖాతా స్టేట్‌మెంట్, ఒప్పందం కాపీ తీసుకోండి. రివర్స్ మార్ట్‌గేజ్‌లో ఇంటిని కనీసం ఐదేళ్ళకోసారి మళ్ళీ విలువ కట్టాలి, ఆ తర్వాత నెలసరి గానీ వడ్డీ గానీ మారి ఉండొచ్చు. ఎప్పుడు మారిందో స్టేట్‌మెంట్‌లో కనపడుతుంది.

ఇంతలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. ఇల్లు తండ్రి పేరు మీదే ఉంటే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆయన వీలునామా లేకుండా పోయివుంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం అప్పుడే ఆయన హక్కు భార్యకు, కొడుకులకు, కూతుళ్ళకు, ఆయన తల్లి బతికుంటే ఆమెకు కూడా సమానంగా వెళ్ళింది. పెళ్ళయిన కూతురికీ సమాన వాటానే. తల్లి పోయాక ఆమె వాటా మళ్ళీ పిల్లలకు వస్తుంది. కాబట్టి ఇద్దరి మరణ ధ్రువీకరణ పత్రాలూ, ఇద్దరి వారసుల పత్రాలూ కావాలి. తండ్రి పోయినప్పుడే ఈ కాగితాలు చేయించుకోని కుటుంబాలకు రెండు నెలల గడువులో సగం ఆఫీసుల చుట్టూ తిరగడంలోనే అయిపోతుంది. విదేశాల్లో ఉన్న వారసుడు రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. దీనికీ వారాలు పడతాయి.

అప్పటిదాకా ఇంటి పన్ను, కరెంటు బిల్లు, ఇన్సూరెన్స్ ఆపకండి. ఇల్లు ఖాళీగా ఉందని ఎవరికీ అద్దెకివ్వకండి.

మూడు దారులు

మార్కెట్‌లో ఆ ఇల్లు ఇప్పుడు ఎంత పలుకుతుందన్నదాన్ని బట్టే దారి తేలుతుంది. ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగివుంటే పదిహేడేళ్ళలో కోటి ఇల్లు 2 కోట్ల 29 లక్షలు అవుతుంది. అప్పు 73 లక్షలు పోగా కోటిన్నర పైనే మిగులుతుంది. ఇలాంటి ఇంటిని బ్యాంకు వేలానికి వదిలేయడం తెలివితక్కువ పని. వేలంలో కొనేవాళ్ళు తక్కువకే అడుగుతారు, ఖర్చులూ వారసుల వాటాలోంచే పోతాయి.

ఇల్లు ఉంచుకోవాలనుకుంటే బాకీ మొత్తం కట్టాలి. ముగ్గురిలో ఒకరు ఉంచుకుని మిగతా ఇద్దరికీ వాటా ఇచ్చే పద్ధతి ఎక్కువగా కుదురుతుంది. ఆ ఇద్దరూ హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేసిస్తారు. ఇల్లు తీసుకునేవారు తమ జీతం మీద ఇంకో బ్యాంకులో హోమ్ లోన్ తీసుకుని పాత బాకీ తీర్చవచ్చు. కొత్త బ్యాంకు పాత బ్యాంకు పేరునే డీడీ ఇచ్చి అక్కడి నుంచి పత్రాలు తీసుకుంటుంది. లోన్ అర్హత ముందే కనుక్కోకుండా తోబుట్టువులకు మాటివ్వొద్దు, సమయం అక్కడే వృథా అవుతుంది.

అమ్మాలనుకుంటే, అసలు పత్రాలు బ్యాంకు దగ్గరున్నాయన్న సంగతి కొనేవారికి మొదటి రోజే చెప్పాలి. దాచిన బేరాలు అడ్వాన్స్ తర్వాత చెడిపోతాయి. బ్యాంకు ఇచ్చిన బాకీ లేఖ చూపించి, కొనేవారు ధరలో ఆ మేరకు బ్యాంకు పేరు మీద, మిగతాది వారసులందరి పేరు మీద వాటాలుగా చెల్లించేలా అగ్రిమెంట్ రాసుకుంటారు. బ్యాంకు బాకీ ముట్టినట్టు రాసిచ్చాకే రిజిస్ట్రేషన్. గడువు చాలదనిపిస్తే అగ్రిమెంట్ కాపీ జతచేసి బ్యాంకును పొడిగింపు అడగాలి. ఉత్తినే సమయం కావాలనేవారికన్నా, కొనేవాడు దొరికాడని కాగితం చూపేవారికి బ్యాంకు త్వరగా ఒప్పుకుంటుంది.

మూడో దారి బ్యాంకుకే వదిలేయడం. ఇంటి విలువ అప్పు కన్నా తక్కువైపోయినప్పుడు ఇదే సరైనది. పక్కనే మురుగు కాలువ వచ్చో, కట్టడం పాడైపోయో మన ఇల్లు 70 లక్షలకు పడిపోయిందనుకోండి. అప్పుకు 3 లక్షల 22 వేలు తక్కువ. ఒప్పందం షరతులు పాటించి ఉంటే ఆ లోటు బ్యాంకే భరించాలి. ఇంటి నుంచి వచ్చినదానికి మించి రుణగ్రహీత నుంచి గానీ, ఆయన ఇతర ఆస్తుల నుంచి గానీ, పిల్లల నుంచి గానీ వసూలు చేయకూడదన్నది ఈ పథకంలో ఉండవలసిన హామీ. ఏజెంట్ ఫోన్ చేసి మిగతాది మీరు కట్టాలని బెదిరిస్తే, ఒప్పందంలో ఆ హామీ ఉన్న పేజీ చూపించి రాతపూర్వకంగా అడగమనండి.

వారసులు ఏ దారీ తేల్చకపోతే బ్యాంకు సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల డిమాండ్ నోటీసు ఇచ్చి, ఆ తర్వాత ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేసే మార్గం ఉంది. అన్నదమ్ముల వాటాల తగాదా తేలేదాకా బ్యాంకు ఆగదు. తగాదా ఉన్నా సరే, ముందు ఇల్లు అమ్మి బాకీ తీర్చి, మిగిలిన డబ్బును జాయింట్ ఖాతాలో పెట్టుకుని దాని మీద పోట్లాడుకోవడం చవక. రోజుకు రెండు వేల వడ్డీ ఆగుతుంది కదా. వేలంలో అప్పు పోగా మిగిలితే ఆ మిగులు వారసులకు ఇవ్వాలి. అయితే అది దానంతట అది ఇంటికి నడిచి రాదు, వారసుల పత్రాలతో అడిగి తీసుకోవాలి.

కాగితాలు, పన్ను

బాకీ తీర్చాక పని అయిపోలేదు. రిజర్వ్ బ్యాంక్ 2023 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం, అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో బ్యాంకు అసలు పత్రాలన్నీ తిరిగివ్వాలి, రిజిస్టర్ చేయించిన తనఖాను తొలగించాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం. రుణగ్రహీత చనిపోతే వారసులకు పత్రాలు ఎలా ఇస్తారో ప్రతి బ్యాంకూ ఒక పద్ధతి పెట్టుకుని తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఆ పేజీ ముందే చదువుకుని వెళ్తే కౌంటర్‌లో ఇంకో కాగితం తెమ్మని తిప్పడం తగ్గుతుంది. నెల తర్వాత కొత్త ఈసీ, అంటే ఇంటి మీదున్న తనఖాల వివరాలు చూపే పత్రం, తీసి తనఖా రద్దయినట్టు ఎక్కిందో లేదో చూడండి. చాలామంది ఇది చూడరు, పదేళ్ళ తర్వాత ఇల్లు అమ్మబోయినప్పుడు పాత బ్యాంకు బ్రాంచి ఎక్కడుందో వెతుక్కుంటారు.

ఇల్లు అమ్మితే మూలధన లాభం పన్ను ఉంటుంది. తండ్రి కొన్న ధరే వారసుల కొనుగోలు ధర, ఆయన కొన్న నాటి నుంచే కాలం లెక్క. ఇక్కడ మామూలు లెక్కల్లో జారిపోయే విషయం ఒకటుంది. సొంతంగా తీసుకున్న తనఖా అప్పును ఇల్లు అమ్మి తీర్చినవారికి ఆ మొత్తం లాభంలోంచి తగ్గదు. కానీ 1997లో ఆర్.ఎం. అరుణాచలం కేసులో సుప్రీంకోర్టు, ముందటి యజమాని చేసిన తనఖాను వారసుడు తీర్చి ఆస్తిని విడిపించుకుంటే, కట్టిన మొత్తం అతని కొనుగోలు ఖర్చులో భాగమే అంది. రివర్స్ మార్ట్‌గేజ్ చేసింది తల్లిదండ్రులు, తీర్చేది పిల్లలు. మన లెక్కలో ఆ మొత్తం 73 లక్షలు, అంటే పన్నులో తేడా లక్షల్లోనే ఉంటుంది. రిటర్న్ వేసే ముందు ఆడిటర్‌కు ఈ కేసు పేరు చెప్పి, బ్యాంకు ఇచ్చిన బాకీ లేఖ, తీర్చిన రసీదు, తనఖా పత్రం కాపీ చేతిలో పెట్టండి. వారసుల్లో ఎన్నారై ఉంటే, ఆయన వాటాకు కొనేవాడు కోసే టీడీఎస్ మామూలు ఒక్క శాతం కన్నా చాలా ఎక్కువ. తక్కువ కోయడానికి ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ అమ్మకానికి ముందే తీసుకోవాలి, రిజిస్ట్రేషన్ అయ్యాక అడిగితే రిఫండ్ కోసం ఎదురుచూడాల్సిందే.